కర్త లేని పద్యం

ఇష్టమైన వాళ్ళ పేరులోని ఒక్కొక్క అక్షరంతో ఒక్కొక్క పాదం మొదలుపెట్టి కవిత రాసి, ఫ్రేము కట్టించి పుట్టినరోజుకు ఇవ్వడం హైదరాబాదులో ఇప్పుడు బాగా కనిపిస్తోంది. కోఠీలోనో అమీర్‌పేటలోనో ఫొటో ఫ్రేముల దుకాణానికి వెళితే గోడ మీద రెండు మూడు నమూనాలైనా వేలాడుతుంటాయి. వాటిని చదువుతుంటే పేరు ఎవరిదైనా కవిత మాత్రం ఒక్కటేననిపిస్తుంది. నాగమణి అన్న పేరునే తీసుకుందాం. ఆ గోడ మీది పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

నాదంలా వినిపించే నవ్వు నీవు
గలగల పారే గోదారి నీవు
మమతలు పంచే మల్లెవు నీవు
నిత్యం వెలిగే దీపం నీవు

ఇందులో తప్పేమిటి? మాటలు పాతబడ్డాయని ఎవరైనా చెబుతారు. అంతకంటే లోతైన లోపం మరొకటి ఉంది. మూడో పాదాన్ని మొదటికి, మొదటిదాన్ని చివరికి మార్చి చదవండి. పేరు చెడిపోతుంది, అర్థం మాత్రం చెక్కుచెదరదు. అంటే ఈ నాలుగు పాదాలను ఒక వరుసలో నిలబెడుతున్నది పేరొక్కటే. లోపల ఒక పాదానికీ ఇంకొక పాదానికీ మధ్య ఏ పనీ జరగడం లేదు. ఇది కవిత కాదు, నాలుగు పొగడ్తల పట్టిక. ఎవరైనా ఇలాంటిది రాసి చూపిస్తే నేను మొదట చేసేది పాదాలు తారుమారు చేసి చదవడమే. అలా చదివినా నష్టం లేకపోతే ఇక మాటల మీద చర్చ అనవసరం.

ఈ జబ్బుకు కారణం రాసేవాళ్ళ ప్రతిభలో కంటే మన వాక్యం నడకలో ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. తెలుగు వాక్యం క్రియ దగ్గర ఆగుతుంది. 'ఉన్నావు' అన్నా, క్రియ లేకుండా 'నీవు' అన్నా అక్కడ తలుపు మూసుకున్నట్టే. పాదానికొక వాక్యం చొప్పున రాస్తే ప్రతి పాదం చివరా ఒక తలుపు మూసుకుంటుంది, తరువాతి పాదం మొదట్లో కొత్తది తెరుచుకుంటుంది. అలా కొత్తగా తెరుచుకునే చోటే పేరులోని అక్షరం నిలబడి ఉంటుంది కాబట్టి చూపంతా దాని మీదే పడుతుంది. 'గలగల' అనగానే, ఇక్కడ 'గ' కావాల్సి వచ్చింది కాబట్టి ఈ మాట వచ్చిందని పాఠకుడికి తెలిసిపోతుంది.

ఇంగ్లీషువాళ్ళకు ఇక్కడ కొంత వెసులుబాటు ఉంది. లూయిస్ కారొల్ 1871లో అచ్చయిన తన రెండో ఆలిస్ పుస్తకం చివర 21 పాదాల కవిత ఒకటి పెట్టాడు. పాదాల మొదటి అక్షరాలను కిందికి చదివితే ఆలిస్ ప్లెజన్స్ లిడెల్ అన్న నిజమైన అమ్మాయి పూర్తి పేరు వస్తుంది. ఆ పేరులోని అక్షరాలు కూడా 21. కవిత మటుకు జూలై సాయంత్రం పడవ ప్రయాణం గురించి, గడిచిపోయిన కాలం గురించి నడుస్తుంది. మొదటి పాదం 'ఎ' అన్న చిన్న మాటతో మొదలవుతుంది. మరో రెండు పాదాలు 'ఇన్' అన్న మాటతో మొదలవుతాయి. ఇలాంటి మాటల మీద ఎవరి చూపూ ఆగదు. మనకు ఆ 'ఇన్' చేసే పనిని 'లో' చేస్తుంది, అది పేరుకు వెనక అతుక్కుని ఉంటుంది. తెలుగు పాదం మొదట్లో దాదాపు ఎప్పుడూ బరువున్న మాటే వస్తుంది. అందుకే ఇంగ్లీషు కవితలో సులభంగా దాక్కునే అక్షరం మన దగ్గర బయటపడిపోతుంది.

అయితే వాళ్ళకు లేని సౌకర్యం ఒకటి మనకు ఉంది. చేసి, చూసి, లేచి, కూర్చొని అంటూ అసమాపక క్రియలను గొలుసుగా కలుపుకుంటూ ఒకే వాక్యాన్ని ఎంత దూరమైనా తీసుకుపోవచ్చు. చివర ఒక్క సమాపక క్రియ చాలు. అప్పుడు పాదం ముగుస్తుంది గానీ వాక్యం ముగియదు. తరువాతి పాదం మొదట్లో ఉన్న అక్షరం కొత్త వాక్యానికి మొదలు కాదు, నడుస్తున్న వాక్యంలో మధ్య మాట. చదివేవాడి మనసు తరువాత ఏం జరిగిందన్న దాని మీద ఉంటుంది కాబట్టి ఆ అక్షరం వైపు పోదు. పేరక్షరాల పద్యానికి నేను పట్టుబట్టేది ఈ ఒక్క విషయం గురించే: వాక్యం పాదం కంటే పొడవుగా ఉండాలి. వీలైతే పద్యమంతా ఒకే వాక్యం కావాలి.

నాగమణి మా చిన్నమ్మ. గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు దగ్గరలోని ఒక సందులో, ఇంటి ముందే పూలు అమ్ముతుంది. ఆమెకు అరవై నిండుతున్నాయని ఆమె కొడుకు నాకు ఫోను చేశాడు. "అక్కా, అమ్మ పేరు మీద ఒక కవిత రాసిపెట్టు. ఫ్రేములో నాలుగు పాదాలే పడతాయట" అన్నాడు. నాలుగు అక్షరాలు, నాలుగు పాదాలు. పేరు చూడగానే సంతోషించాను, చివరి అక్షరం దగ్గర ఆగిపోయాను.

'ణి'తో మొదలయ్యే తెలుగు మాట చెప్పండి. ఉండదు. ణ, ళ మన మాటల మధ్యలోనూ చివరలోనూ వస్తాయి గానీ మొదట రావు. అరుణ, వీణ, కల్యాణి, సరళ, మంగళ, రమణ అన్న పేర్లన్నిటికీ ఈ చిక్కు ఉంది. చాలామంది ణ బదులు న, ళ బదులు ల పెట్టి సర్దేస్తారు. పైన రాసిన నమూనాలో 'నిత్యం' వచ్చింది అందుకే. కిందికి చదివితే అది నాగమని అవుతుంది. అరవయ్యో పుట్టినరోజున మనిషి పేరును తప్పు వర్ణక్రమంతో గోడకెక్కించడం నాకు నచ్చదు. యతిలో ణకూ నకూ మైత్రి ఉంది కదా అని ఒక మిత్రుడు వాదించాడు. యతి చెవికి సంబంధించినది, పేరు రాతకు సంబంధించినది. చెవి క్షమించినదాన్ని కన్ను క్షమించదు.

దీనికి పరిష్కారం మన పాత పద్యాల్లోనే ఉంది. తెలుగు పద్యంలో పాదం చివర మాట కూడా పూర్తి కానవసరం లేదు. మాటను నడిమికి విరిచి సగం ఈ పాదంలో, సగం తరువాతి పాదంలో పెట్టడం పాత కావ్యాల్లో అడుగడుగునా కనిపిస్తుంది. దాన్ని ఎవరూ లోపంగా చూడరు, చదివేటప్పుడు కలిపే చదువుతారు. అలాంటప్పుడు నాలుగో పాదం 'ణి'తో మొదలుకావడానికి 'ణి'తో మొదలయ్యే మాట అక్కర్లేదు. మధ్యలో 'ణి' ఉన్న మాట ఒకటి మూడో పాదం చివర విరిగితే చాలు. వచన కవితలో ఇలా మాట విరిస్తే టక్కుగా కనిపిస్తుంది, పద్యంలో సహజంగా ఉంటుంది. ఈ కాలంలో ఛందస్సెందుకని అడిగేవాళ్ళకు, ఈ ఒక్క పని విషయంలో, నా దగ్గరున్న గట్టి జవాబు ఇదే.

ఇక ఏ పద్యం? కందం మొదట తలపుకు వస్తుంది, చిన్నది కాబట్టి. కానీ కందానికి ప్రాస ఉంది. పాదాలన్నిటిలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. దానికి తోడు మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే నాలుగు పాదాల్లోనూ గురువే కావాలి, లఘువైతే అన్నిటా లఘువే కావాలి. నాగమణిలో 'నా' దీర్ఘం కాబట్టి గురువు. గ, మ, ణి హ్రస్వాలు. వాటిని గురువులు చేయాలంటే పక్కన సున్నానో ఒత్తక్షరమో పెట్టాలి, ప్రాస ప్రకారం ఆ పెట్టింది నాలుగు పాదాల్లోనూ ఒకేలా ఉండాలి, అంటే 'నా' పక్కన కూడా. ఆ ముడి విప్పేసరికి చిన్నమ్మ పద్యంలోంచి మాయమైపోతుంది. మాధవి, రాధిక, శారద లాంటి దీర్ఘంతో మొదలై హ్రస్వాలతో సాగే పేర్లన్నిటికీ కందం ఇదే ఇబ్బంది పెడుతుంది.

తేటగీతికి ప్రాస నియమం లేదు. ప్రతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కలపాలి, అంతే. ఈ యతి అనేది పేరక్షరాల పద్యానికి అదనపు భారమని మొదట అనిపిస్తుంది. నిజానికి అది చేసేది మేలే. పాదం మొదట్లో 'గ' ఒంటరిగా ఉంటే అతికించినట్టుంటుంది. అదే అక్షరం పాదం మధ్యలో మరోసారి పలికితే అది ఆ పాదానికి సొంత శబ్దమైపోతుంది. చెవికి పేరు తెలియదు గానీ, పేరులోని ప్రతి అక్షరాన్నీ రెండేసిసార్లు వింటుంది.

రాయడం అక్షరాల నుంచి మొదలుపెట్టకూడదు. గ అనుకుని నిఘంటువు తెరిస్తే గగనం, గమనం, గంధం, గానం వరుసగా వస్తాయి. అవన్నీ ఎవరికైనా సరిపోయే మాటలు కాబట్టి ఎవరికీ సరిపోవు. నేను ముందు చిన్నమ్మ చుట్టూ ఉన్న వస్తువులూ పనులూ కాగితం మీద రాసుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం. అరటినారను నీళ్ళలో తడపడం, పొడినార తెగిపోతుంది కాబట్టి. మార్కెట్టు నుంచి తెచ్చిన గంప. మల్లెమొగ్గలు, సంపెంగలు, మరువం. మూర కొలత, అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా. చిన్నమ్మ చేయి చిన్నది, కొనేవాళ్ళు తమ చేత్తో కొలవమని గొడవ పడతారు. కాగితం పెన్ను లేకుండా ఎన్ని మూరలకైనా ధర నోటితో గుణించి చెబుతుంది, పైసా తప్పదు. బడికి పోయే ఆడపిల్లలు కొంటే మాత్రం మూర తరువాత ఇంకో జేన కలుపుతుంది. బతుకమ్మ రోజుల్లో గునుగు, తంగేడు కూడా పెడుతుంది గానీ వాటి మీద లాభం లేదని సణుగుతుంది.

ఆ పట్టిక పక్కన పేరు రాసుకుని చూస్తే పని సగం అయిపోయినట్టే ఉంది. 'నా' దగ్గర నాలుగు ఉంది, నార ఉంది. 'గ' దగ్గర గంప ఉంది, గడప ఉంది. 'మ' దగ్గర మల్లె, మొగ్గ, మూర, మాల. వీటిని వెతకాల్సిన అవసరమే రాలేదు, ఆమె రోజులోనే ఉన్నాయి. ఇక 'ణి' సంగతి. తరుణి, రమణి, ధరణి అన్నవి వెంటనే తలుపు తడతాయి, వాటిని లోపలికి రానివ్వకూడదు. అరవై ఏళ్ళ చిన్నమ్మను తరుణి అంటే ఆమే నవ్వుతుంది. పూల వ్యాపారం కాబట్టి 'బోణి' అన్న మాట చాలా ఆశపెట్టింది. కానీ తేటగీతి పాదం చివర సూర్యగణం ఉంటుంది, అది గలమైనా నగణమైనా లఘువుతోనే ముగుస్తుంది. 'బో' గురువు కాబట్టి పాదం చివర నిలవదు. విరిచే మాటలో 'ణి'కి ముందున్న అక్షరం హ్రస్వమై ఉండాలి. అప్పుడు పట్టికలో ముందే రాసుకున్న 'గుణించి' కంటబడింది. 'ధర గు' మూడు లఘువులు, నగణం. తరువాతి పాదంలో 'ణించి' గురువు, లఘువు, అంటే గలం. రెండూ సూర్యగణాలే. ఆమె నోటిలెక్క సరిగ్గా ఆ విరుపు మీద కూర్చుంది.

'ణి' కావాలి గానీ 'ణిం' కాదు కదా అని పట్టుదల ఉన్నవాళ్ళు అడగవచ్చు. సున్నాను యతి లెక్కలోకి తీసుకోదు, నేనూ తీసుకోలేదు. కిందికి చదివేవాడు నాగమణిం అని తడబడడు, నాగమణి అనే చదువుతాడు. వత్తును మార్చడం, హల్లును మార్చడం మాత్రం ఒప్పుకోను. ఎక్కడో ఒక గీత గీసుకోవాలి, నాది అక్కడ.

మొదట పద్యం ఇలా వచ్చింది:

నాలుగింటికి లేచి పూనార తడిపి
గడప ముందర కూర్చొని గంపలోని
మల్లెమొగ్గలు మూరగా మలచి ధర గు
ణించి, పిల్లల జడకిచ్చు నెనరు కొసరు.

గణాలు సరిపోయాయి. నాలు, గింటికి, లేచిపూ, నార, తడిపి అని మొదటి పాదం విడిపోతుంది, యతి నాకూ నాకూ. చివరి పాదంలో ణికీ నెకూ యతి, ఇకారానికీ ఎకారానికీ మైత్రి ఉంది కాబట్టి. అయినా ఇందులో రెండు చోట్ల చేయి పెట్టాల్సి వచ్చింది.

ఒకటి 'మలచి'. పూలను ఎవరూ మలచరు, కడతారు. రాతిని మలుస్తారు. మ యతి కోసం వచ్చి కూర్చున్న మాట అది. పూలు కట్టేవాళ్ళు ఆ పాదం వింటే రాసిన మనిషి ఎప్పుడూ పూలు కట్టలేదని పట్టేస్తారు. పేరక్షరానికి సరిపోయే మాట మొదటి చోట బాగానే దొరుకుతుంది, నాసిరకం మాట ఎప్పుడూ యతి చోటనో పాదం చివరనో చొరబడుతుంది. అందరూ పాదాల మొదళ్ళను సరిచూసుకుంటారు, నేను నాలుగో గణాన్ని చూడమంటాను. 'గట్టిన మాల' అని మార్చాను. మూర పోయినందుకు బాధగానే ఉంది. కానీ 'కట్టడం' అన్న నిజమైన మాట వచ్చింది, 'మాల ధర గుణించి' అనడంతో మూడో పాదం నాలుగోదానికి ఇంకా గట్టిగా ముడిపడింది.

రెండోది 'నెనరు'. అందమైన మాటే, ప్రేమ అని అర్థం. నెనరు, కొసరు పక్కపక్కన మోగుతాయి కూడా. అందుకే అనుమానించాలి. అప్పటిదాకా పద్యం నార, గంప, మల్లె, ధర అంటూ కంటికి కనిపించేవాటినే చెప్పింది. చివర్లో ఒక్కసారిగా 'చూశారా, ఆమెకు ప్రేమ ఉంది' అని పక్కన నిలబడి వివరించడం మొదలుపెట్టింది. పైసా పైసా లెక్క కట్టే మనిషి పిల్లలకు కొసరు వేస్తుందంటే ప్రేమ సంగతి వేరే చెప్పాలా? 'నిండు' అని మార్చాను. గణం మారింది గానీ అదీ సూర్యగణమే, యతి ఇంకా సూటిగా కలిసింది.

నాలుగింటికి లేచి పూనార తడిపి
గడప ముందర కూర్చొని గంపలోని
మల్లెమొగ్గలు గట్టిన మాల ధర గు
ణించి, పిల్లల జడకిచ్చు నిండు కొసరు.

ఇప్పుడు పాదాలు తారుమారు చేసి చూడండి. కుదరదు. లేవకుండా తడపలేరు, మాల కట్టకుండా ధర గుణించలేరు. మూడో పాదం నాలుగోదాన్ని మాట మధ్యలోనే పట్టుకుని ఉంది. పేరు లేకపోయినా ఈ వరుస ఇలాగే ఉంటుంది.

మరొక సంగతి పద్యం పూర్తయ్యాకే నాకు స్పష్టంగా కనిపించింది. ఇందులో కర్త లేదు. లేచింది ఎవరు, తడిపింది ఎవరు, కొసరు ఇచ్చేది ఎవరు? నీవు లేదు, ఆమె లేదు, అమ్మ లేదు. తెలుగులో కర్తను చెప్పకుండా వాక్యం నడుస్తుంది కాబట్టి వినేవాళ్ళకు అది లోటుగా తోచదు. ఎవరో ఒక పూలమ్మే మనిషి అనుకుంటారు. కిందికి చదివినప్పుడు ఆ ఖాళీలోకి నాగమణి అన్న మాట వచ్చి చేరుతుంది. నాగమణి నాలుగింటికి లేచి, నారను తడిపి, కూర్చొని, గుణించి, కొసరు ఇచ్చును. పేరు పద్యానికి తగిలించిన అలంకారం కాదు, వాక్యానికి కావాల్సిన కర్త. ఇక్కడిదాకా రాగలిగితే పేరక్షరాల పద్యానికి బలమైన సమర్థన ఇదేనని నేను వాదిస్తాను. నిలువుగా చదివిన మాట అడ్డంగా చదివిన వాక్యాన్ని పూర్తి చేయాలి. అప్పుడు పాదాల మొదళ్ళలో పేరు ఎందుకుందన్న ప్రశ్నకు, అది ఇంకెక్కడా లేదు కాబట్టి అన్న జవాబు ఉంటుంది. నీవు, నీవు అని ప్రతి పాదంలోనూ పిలిచిన కవితలో పేరుకు చేయడానికి పని మిగలదు.

ఇదంతా అక్షరాల గారడీ, ప్రేమున్నచోట ఇలాంటి సంకెళ్ళెందుకని నా మిత్రురాలు ఒకామె అంటుంది. మంచి కవయిత్రి, వచన కవితే రాస్తుంది. ఆమెకు చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో అవధానం చూపించాలని నా కోరిక. అష్టావధానంలో న్యస్తాక్షరి అని ఒక అంశం ఉంటుంది. ఏ పాదంలో ఎన్నో అక్షరం ఏది కావాలో పృచ్ఛకుడు చెబుతాడు, అవధాని ఆ చోట్లలో ఆ అక్షరాలు పడేలా పద్యం చెప్పాలి. బాగా కుదిరినప్పుడు, అక్షరం వచ్చి వెళ్ళిపోయిన తరువాత గానీ సభకు ఆ సంగతి గుర్తురాదు. కుదరనప్పుడు ఆ అక్షరం దగ్గర అవధాని గొంతు ఒక్క క్షణం నిలబడుతుంది, అందరికీ తెలిసిపోతుంది. సంకెల కాళ్ళకు ఉందా లేదా అన్నది కాదు, నడకలో వినిపిస్తుందా అన్నదే అక్కడి తీర్పు. పైగా చేతులు కట్టేసుకోని ఆ గోడ మీది కవితలన్నీ ఒకేలా ఎందుకున్నాయో ఆమె నాకు ఇంతవరకూ చెప్పలేదు.

అయితే అన్ని పేర్లూ ఇంత సులభంగా లొంగవు. మూడక్షరాల పేర్లకు తేటగీతిలో ఒక పాదం మిగిలిపోతుంది. సుజాత లాంటి పేరయితే సుజాతమ్మ అని పిలిచే పిలుపునే తీసుకోవచ్చు. చివరి 'మ్మ' కోసం అమ్మ, కొమ్మ, బొమ్మ లాంటి మాట విరవాలి. ద్విత్వం వల్ల ముందు అక్షరం గురువవుతుంది కాబట్టి అది పాదం చివర నిలవదు, తేటగీతి వదిలి మరో పద్యం చూసుకోవాలి. లక్ష్మికి రెండే అక్షరాలు, రెండోది 'క్ష్మి'. దాని మీద నేను ప్రయత్నం కూడా చేయను. ఇంట్లో పిలిచే ముద్దుపేరు అడుగుతాను. అసలు పేరు కంటే ముద్దుపేరే చాలాసార్లు మంచి పద్యమిస్తుంది, దాన్ని ఎవరు పిలుస్తారో వాళ్ళ గొంతు కూడా అందులో ఉంటుంది కాబట్టి.

పద్యం సరిగ్గా ఉందో లేదో చూడటానికి పాదాలు తారుమారు చేయడం కాకుండా నేను చేసేది ఇంకొకటే. పాదాలుగా విడగొట్టకుండా వచనంలా ఒకే పేరాగా రాసి, పేరు సంగతి చెప్పకుండా ఒకరికి చదవమని ఇస్తాను. చదివి, పూలమ్మే ఆమె గురించి ఏదైనా అడిగితే పద్యం బతికినట్టు. 'ఇందులో ఏదో మెలిక ఉంది కదా' అంటే ఎక్కడో ఒక మాట అక్షరం కోసం వచ్చి కూర్చుందన్నమాట. ఆ మాట ఏదో వాళ్ళు వేలుపెట్టి చూపించనూ గలరు.

ఇక ఫ్రేము దుకాణం దగ్గర జాగ్రత్తగా ఉండాలి. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి మంచివాడు, సాయం చేయాలనే చూస్తాడు. ముందుగా 'గు' పక్క వరుసలో పడిపోయిందనుకుని 'గుణించి'ని కలిపేశాడు. దాంతో పేరూ పోయింది, మూడో పాదంలో ఒక అక్షరం తగ్గి ఛందస్సూ పోయింది. తరువాత కవిత కాబట్టి పాదాలను మధ్యకు సర్దాడు. అలా సర్దితే మొదటి అక్షరాలు ఒకదాని కింద ఒకటి రావు, పేరు ఎవరికీ కనిపించదు. ఎడమ అంచుకు సరిగ్గా ఆనించాలి. చివరగా మొదటి అక్షరాలను ఎర్రరంగులో పెద్దవి చేశాడు. దాని గురించి మాత్రం చిన్నమ్మ కొడుకూ నేనూ చాలాసేపు వాదించుకున్నాం. రంగు వేయకపోతే అమ్మకు తెలియదని వాడు, తెలియకుండా చదవడానికే రాశానని నేను. నల్లరంగే మిగిలింది. ఫోనులో పంపేవాళ్ళకు ఇంకొక చిక్కు: పెద్ద అక్షరాలు పెట్టుకున్న ఫోనులో పాదం మడతపడి కొత్త వరుస మొదలవుతుంది, పేరు మధ్యలో పనికిరాని అక్షరం దూరుతుంది. ఫొటో తీసి పంపడమే మేలు.

పుట్టినరోజున చిన్నమ్మ కళ్ళజోడు పెట్టుకుని పద్యం పైకి చదివింది. 'ధర గు' దగ్గర ఆగకుండా 'ధర గుణించి' అని కలిపే చదివింది, నాకు అంతకంటే ఏం కావాలి. మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"పిల్లల జడకు అన్నావేమిటే? పిల్లలందరికీ కలిపి ఒకటే జడా? జడలకు అనాలి కదా" అంది.

"జడలకిచ్చు అంటే ఒక అక్షరం ఎక్కువవుతుంది చిన్నమ్మా, గణం ఒప్పుకోదు" అన్నాను.

"ఆ గణం ఎవరో గానీ, నా దగ్గర మూర కొలిపించుకునే ఆమెలాగే ఉంది" అంటూ ఫ్రేమును కొడుకు చేతికిచ్చి, మేకు ఎక్కడ కొట్టాలో చూపించడానికి లేచింది.